స్వేచ్ఛా ఎలక్ట్రాన్ నమూనా, ఫెర్మి శక్తి, లోహాల ఉష్ణధారణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఘనస్థితి భౌతికశాస్త్రం చదవడం మొదలుపెట్టినవారు ఫెర్మి శక్తి దగ్గరకు వచ్చేసరికి ఇంచుమించు ఒకే వరుసలో ప్రశ్నలు అడుగుతారు. ఇక్కడ ఆ వరుసనే పాటించాను. జవాబులు చాలావరకు రాగి చుట్టూనే తిరుగుతాయి. పది లోహాల పట్టికను చూసేకన్నా ఒక్క లోహాన్ని మొదటినుంచి చివరిదాకా లెక్కగడితేనే ఈ విషయం మనసుకెక్కుతుందని నా నమ్మకం.

స్వేచ్ఛా ఎలక్ట్రాన్ నమూనా అంటే ఏమిటి?

రాగిలో ప్రతి పరమాణువూ తన బయటి కక్ష్యలోని ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. అలా విడివడిన ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ చెందకుండా లోహమంతటా తిరుగుతాయి. వాటిని వదులుకున్న అయాన్లు స్ఫటిక జాలకంలో తమ స్థానాల్లోనే ఉంటాయి. ఇంతవరకు వాస్తవమే. నమూనా ఇక్కడినుంచి రెండు పెద్ద సరళీకరణలు చేస్తుంది. అయాన్ల ఆకర్షణ చోటునుబట్టి మారకుండా అంతటా ఒకేలా ఉందనుకుంటుంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకోవడాన్ని పక్కన పెడుతుంది. చివరికి మిగిలేది ఒక పెట్టెలో బందీలైన, ఒకదానితో ఒకటి సంబంధం లేని కణాల గుంపు.

ఇంత మొరటు చిత్రం పనికొస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. పనికొచ్చేది ఎక్కడో, పనికిరానిది ఎక్కడో రాగి అంకెలే చూపిస్తాయి.

పాత సిద్ధాంతం ఎక్కడ చిక్కుకుంది?

లోహంలోని ఎలక్ట్రాన్లను వాయువు అణువుల్లా భావించి 1900లో పాల్ డ్రూడ్ ఒక సిద్ధాంతం చెప్పాడు. విద్యుత్తు, వేడి లోహాల్లో ఎలా ప్రవహిస్తాయో అది చాలావరకు వివరించింది. అయితే వాయువు అణువులకు ఒక నియమం ఉంది. ఉష్ణోగ్రత T వద్ద ఒక్కో అణువు సగటున (3/2)k_BT చలనశక్తి మోస్తుంది. ఎలక్ట్రాన్లూ అలాగే ప్రవర్తిస్తే, ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఉష్ణధారణ (3/2)R అవుతుంది. అంటే మోల్‌కు, కెల్విన్‌కు 12.5 జౌళ్లు.

మరోవైపు జాలకంలో కంపించే అయాన్లు ఒక్కటే సాధారణ ఉష్ణోగ్రత వద్ద దాదాపు 3R, అంటే 24.9 జౌళ్లు ఇస్తాయి. 1819లో డ్యూలాంగ్, పెటి గమనించిన విలువ ఇదే. రెండూ కలిపితే రాగికి 37 జౌళ్ల పైచిలుకు రావాలి. కొలిస్తే వచ్చేది సుమారు 24.5. ఎలక్ట్రాన్ల వాటా కనిపించనే లేదు.

ఈ చిక్కు తేలికగా తీసుకోదగినది కాదు. ఎలక్ట్రాన్లు లేవనడానికి వీల్లేదు, విద్యుత్తును మోస్తున్నది అవే. పోనీ, వంద పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే విడివడుతుందని సరిపెట్టుకుందామంటే, ఇతర కొలతలు ఒప్పుకోవు. ఎలక్ట్రాన్లు పూర్తి సంఖ్యలో ఉన్నాయి, స్వేచ్ఛగా తిరుగుతున్నాయి, కానీ వేడిని తీసుకోవడం లేదు. పాతికేళ్లకు పైగా దీనికి సమాధానం దొరకలేదు.

ఆ సమాధానం ఎక్కడినుంచి వచ్చింది?

1925లో పౌలీ ప్రతిపాదించిన వర్జన నియమం నుంచి. ఒక క్వాంటం స్థితిలో ఒకే ఎలక్ట్రాన్ ఉండగలదు. స్పిన్‌కు రెండు దిశలు ఉన్నాయి కాబట్టి ఒక్కో చలన స్థితిలో ఇద్దరికి చోటు. 1926లో ఫెర్మి, డిరాక్ ఈ నియమాన్ని పాటించే కణాల గణాంకాలను కట్టారు. ఆ తరువాత ఒకటి రెండేళ్లలోనే సోమర్‌ఫెల్డ్ దాన్ని డ్రూడ్ ఎలక్ట్రాన్లకు వర్తింపజేశాడు. డ్రూడ్ పెట్టె అలాగే ఉంది, అందులోని కణాలు చోటు పంచుకునే పద్ధతి మాత్రం మారిపోయింది.

చల్లబరచిన వాయువులో అణువులన్నీ దాదాపు కదలకుండా అట్టడుగు శక్తికి చేరవచ్చు. ఎలక్ట్రాన్లకు ఆ వీలు లేదు. పరమ శూన్య ఉష్ణోగ్రత వద్ద కూడా కింది స్థితులు రెండేసి చొప్పున నిండుతూ పోతాయి. చివరి ఎలక్ట్రాన్‌కు చోటు దొరికే ఎత్తే ఫెర్మి శక్తి, E_F.

ఆ ఎత్తును ఎలా లెక్కిస్తారు?

L పొడవున్న ఘనాకార పెట్టెను తీసుకోండి. లోపలి ఎలక్ట్రాన్ ఒక తరంగం. పెట్టెలో ఇమిడే తరంగాలకే అనుమతి ఉంది కాబట్టి తరంగ సంఖ్య k ప్రతి దిశలోనూ 2π/L మెట్ల మీదుగా మాత్రమే మారుతుంది. అనుమతి ఉన్న k విలువలను బిందువులుగా గీస్తే సమాన దూరాల్లో పరచిన చుక్కల వల కనిపిస్తుంది. ఒక్కో చుక్కకు (2π/L)³ ఘనపరిమాణం దక్కుతుంది.

ఎలక్ట్రాన్ శక్తి ħ²k²/2m. కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ శక్తి పెరుగుతుంది కనుక కింది నుంచి నింపుకుంటూ వస్తే నిండిన చుక్కలన్నీ ఒక గోళంగా ఏర్పడతాయి. దాని వ్యాసార్ధం k_F. గోళం ఘనపరిమాణాన్ని ఒక్కో చుక్క వాటాతో భాగించి, స్పిన్ కోసం 2తో గుణిస్తే మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య రావాలి. సర్దుబాటు చేస్తే ఇలా తేలుతుంది:

```
k_F = (3π²n)^(1/3)
E_F = ħ²k_F² / 2m
```

ఇక్కడ n అంటే ఒక ఘనపు మీటరులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్య. L ఫలితంలో లేదు. ముక్క చిన్నదైనా పెద్దదైనా ఫెర్మి శక్తి ఒకటే. రాగి పేరుకూ ఇందులో చోటు లేదు, ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయన్నదే ప్రశ్న. ఈ నమూనాలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఏ లోహమో తెలిసిన ముక్కను తూచి, దాని ఘనపరిమాణం కొలిస్తే చాలు, అందులోని అత్యంత వేగవంతమైన ఎలక్ట్రాన్ శక్తిని చెప్పేయవచ్చు.

రాగికి లెక్క వేసి చూపిస్తారా?

సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 8.96 గ్రాములు, మోలార్ ద్రవ్యరాశి 63.55 గ్రాములు. భాగించి అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే ఘనపు సెంటీమీటరుకు 8.49 × 10²² పరమాణువులు. పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున:

```
n   = 8.49 × 10²⁸ m⁻³
k_F = 1.36 × 10¹⁰ m⁻¹
E_F = 1.13 × 10⁻¹⁸ J = 7.04 eV
```

ఏడు ఎలక్ట్రాన్ వోల్టులు అన్నమాట. వేగం కావాలంటే ħk_F/m లెక్కించండి. సెకనుకు 15.7 లక్షల మీటర్లు వస్తుంది. కాంతి వేగంలో సుమారు రెండువందల వంతు. పరమ శూన్యం వద్ద, ఎవరూ వేడి చేయకుండానే ఎలక్ట్రాన్ ఈ వేగంతో పోతోంది. కాంతి వేగానికి ఇంకా చాలా దూరంలో ఉంది కాబట్టి సాపేక్ష సిద్ధాంతపు సవరణలు చేయనక్కర్లేదు.

క్యాలిక్యులేటర్ లేనప్పుడు అంచనా వేయడం ఎలా?

ఒక్కో ఎలక్ట్రాన్ వాటాకు వచ్చే ఘనం భుజాన్ని d అనుకోండి. ఘనపు నానోమీటరుకు 84.9 ఎలక్ట్రాన్లు కాబట్టి రాగికి d సుమారు 0.23 నానోమీటర్లు. అత్యధిక శక్తి గల ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం దీనికి రెట్టింపు, అంటే 2d, అనుకుంటే k = π/d. ఇక ħ²/2m విలువ 0.0381 eV·nm² అని గుర్తుంచుకుంటే చాలు:

```
E ≈ 0.0381 × π² / d² ≈ 7.3 eV
```

పూర్తి లెక్కతో తేడా 3 శాతం దాకానే ఉంది. కారణం తేలికే. సరైన సూత్రంలో 1/d² ముందు వచ్చే గుణకం (3π²)^(2/3), అంటే 9.57. మనం వాడినది π², అంటే 9.87. ఈ దగ్గరి పోలిక ఏ లోహానికైనా అంతే ఉంటుంది, ఎందుకంటే రెండు గుణకాల్లోనూ లోహం ప్రసక్తే లేదు.

అనిశ్చితత్వ నియమంతో ద్రవ్యవేగం ħ/d అనుకుని మొదలుపెట్టినవారికి 0.74 eV వస్తుంది. తర్కం తప్పు కాదు, కానీ దాదాపు పదింతల తేడా. d పరిమాణంలో బందీ అయిన కణానికి ħ/d అనేది అతి తక్కువ అంచనా. మనకు కావలసింది నిండిన గోళం అంచున ఉన్న ఎలక్ట్రాన్. అందుకే తరంగదైర్ఘ్యంతో ఆలోచించడమే మేలు.

ఈ లెక్కలో సాధారణంగా దొర్లే తప్పులు ఏవి?

ఎక్కువసార్లు కనిపించేది ప్రమాణాల తప్పు. సాంద్రతను ఘనపు సెంటీమీటర్లలో ఉంచి ħనేమో ఎస్ఐ ప్రమాణాల్లో వాడితే n పది లక్షల రెట్లు తగ్గి, ఫెర్మి శక్తి పదివేల రెట్లు తగ్గుతుంది. జవాబు 0.0007 eV వంటిది వస్తే ఇదే కారణం. లోహాల ఫెర్మి శక్తులు సుమారు 1.5 నుంచి 15 eV మధ్యలో ఉంటాయని మనసులో పెట్టుకుంటే ఇలాంటి తప్పు వెంటనే దొరుకుతుంది.

రెండోది పరమాణువుకు ఎన్ని ఎలక్ట్రాన్లు విడివడతాయన్నది. అల్యూమినియం మూడు ఇస్తుంది. అలా లెక్కిస్తే 11.7 eV, ఒకటే అని పొరబడితే 5.6 eV. ఈ తప్పు మొదటిదానిలా బయటపడదు, రెండు అంకెలూ నమ్మదగినట్టే ఉంటాయి. కాబట్టి ముందుగా సంయోజకతను సరిచూసుకోవాలి. స్పిన్ కోసం వేసే 2ను మరిచిపోతే ఫెర్మి శక్తి సుమారు 1.6 రెట్లు ఎక్కువగా వస్తుంది.

7 ఎలక్ట్రాన్ వోల్టులు ఇస్తే ఎలక్ట్రాన్ లోహంలోంచి బయటకు వస్తుందా?

ఫెర్మి శక్తికీ దానికీ నేరుగా సంబంధం లేదు. ఫెర్మి శక్తిని కొలిచేది నిండిన స్థితుల అట్టడుగు నుంచి పైకి. బయటకు లాగడానికి కావలసిన శక్తి పని ప్రమేయం. దాన్ని నిండిన స్థితుల అంచు నుంచి లోహం వెలుపలి దాకా కొలుస్తారు. రాగికి అది నాలుగున్నర ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. బావితో పోలిస్తే, మొదటిది నీటి లోతు, రెండోది నీటిమట్టం నుంచి గట్టు దాకా ఉన్న ఎత్తు.

ఫెర్మి ఉష్ణోగ్రత 81,700 కెల్విన్ అంటారు. రాగి లోపల అంత వేడి ఉందా?

లేదు. E_Fను k_Bతో భాగిస్తే వచ్చే అంకె అది. వాయువు అణువులు సగటున అలాంటి శక్తి పొందాలంటే ఎంత వేడి కావాలో సూచిస్తుంది. రాగి ఎలక్ట్రాన్ల శక్తి వేడి నుంచి వచ్చినది కాదు, చోటు చాలక పైకి నెట్టబడటం వల్ల వచ్చినది. దాన్ని బయటకు తీసుకునే వీలు లేదు, చల్లబరిచినా పోదు.

అయినా ఆ అంకె చాలా పనికొస్తుంది. అసలు ఉష్ణోగ్రతను దానితో పోల్చితే ఎలక్ట్రాన్లు ఎంత క్వాంటం స్వభావంతో ఉన్నాయో తెలుస్తుంది. 300 కెల్విన్ వద్ద నిష్పత్తి 1/272. మనకు గది ఉష్ణోగ్రతగా అనిపించేది ఎలక్ట్రాన్లకు దాదాపు పరమ శూన్యమే.

అట్టడుగున ఉన్న ఎలక్ట్రాన్ వేడిని ఎందుకు తీసుకోలేదు?

అసలు ప్రశ్న ఇదే, నెమ్మదిగా చూద్దాం. వేడి తీసుకోవడమంటే పై స్థితికి వెళ్లడం. 300 కెల్విన్ వద్ద జాలక కంపనాలు ఒక ఎలక్ట్రాన్‌కు ఇవ్వగల శక్తి k_BT స్థాయిలో, అంటే 0.026 eV ప్రాంతంలో ఉంటుంది. ఇప్పుడు 3 eV దగ్గర ఉన్న ఒక ఎలక్ట్రాన్‌ను ఊహించండి. దానికి 0.026 eV ఇస్తే వెళ్లాల్సిన చోటు 3.026 eV దగ్గర. అక్కడ స్థితులన్నీ నిండి ఉన్నాయి. కాస్త అటూ ఇటూ చూసినా అంతే. ఖాళీ దొరకాలంటే 7 eV దాకా ఎక్కాలి, అందుకు ఒక్కసారిగా 4 eV కావాలి. కాబట్టి ఆ ఎలక్ట్రాన్ వేడిని స్వీకరించలేక ఉన్నచోటే ఉండిపోతుంది. నిండుకుండ తొణకదన్నట్టు.

ఎంత గట్టిగా తొణకదో ఫెర్మి ప్రమేయం చెబుతుంది:

```
f(E) = 1 / (e^((E−μ)/k_BT) + 1)
```

ఇక్కడ μ అంటే నిండిన స్థితుల అంచు, దాదాపు E_F. అంచుకు 4 eV లోతులోని స్థితి ఖాళీగా ఉండే సంభావ్యత e⁻¹⁵⁵, అంటే సుమారు 10⁻⁶⁷. ఒక మోల్ రాగిలో ఉన్న ఎలక్ట్రాన్లే 6 × 10²³. ఆ లోతులో ఒక్క ఖాళీ కూడా ఉండదని నిశ్చింతగా చెప్పవచ్చు.

పక్కనున్న ఎలక్ట్రాన్ కదిలి చోటు ఇవ్వవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. కానీ ఆ పక్కదానికీ చోటు కావాలి, దాని పైదానికీ కావాలి. రెండు ఎలక్ట్రాన్లు తమ స్థానాలు మార్చుకున్నా ఏ స్థితులు నిండి ఉన్నాయన్నది మారదు, ఎలక్ట్రాన్లన్నీ ఒకే రకం కనుక. మొత్తం శక్తి పెరగాలంటే చివరికి అంచు దాటి ఎవరో ఒకరు పైకి వెళ్లాలి. ఆ పని అంచు దగ్గర ఉన్నవాటికే సాధ్యం.

అంచు దగ్గర అంటే ఎంత దగ్గర?

రెండు మూడు k_BTల దూరం. ఫెర్మి ప్రమేయంలో విలువలు వేసి చూడండి. అంచుకు k_BT కింద 73 శాతం నిండి ఉంటుంది, 2k_BT కింద 88 శాతం, 5k_BT కింద 99 శాతానికి పైగా. పైవైపు ఇదే బొమ్మ తలకిందులుగా ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద మెలకువగా ఉన్న పట్టీ మొత్తం వెడల్పు 0.1 eV ప్రాంతంలో. ఏడు ఎలక్ట్రాన్ వోల్టుల లోతున్న నిండు స్థితుల మీద పైపొర మాత్రమే.

ఆ పొర నుంచి ఉష్ణధారణను ఎలా రాబడతారు?

E శక్తి దాకా ఇమిడే ఎలక్ట్రాన్ల సంఖ్య E^(3/2)కి అనుపాతంలో ఉంటుంది. దీన్నిబట్టి అంచు దగ్గర k_BT మందం గల పొరలో ఉన్న ఎలక్ట్రాన్ల వాటా (3/2)(k_BT/E_F). రాగికి 300 కెల్విన్ వద్ద 0.55 శాతం, అంటే వెయ్యికి అయిదారు. ఇవి ఒక్కొక్కటి దాదాపు k_BT అదనపు శక్తి పొందుతాయనుకుందాం. అప్పుడు వేడి వల్ల చేరిన మొత్తం శక్తి:

```
U ≈ (3/2) N (k_BT)² / E_F
C = dU/dT ≈ 3 N k_B (T/T_F)
```

ఇందులో T రెండుసార్లు ఎలా వచ్చిందో గమనించాలి. ఉష్ణోగ్రత పెరిగితే కదిలే ఎలక్ట్రాన్ల సంఖ్యా పెరుగుతుంది, ఒక్కోటి తీసుకునే శక్తీ పెరుగుతుంది. అందుకే శక్తి T²గా, ఉష్ణధారణ Tకి అనుపాతంగా వచ్చాయి. సోమర్‌ఫెల్డ్ పద్ధతిలో పూర్తిగా సాధిస్తే 3 బదులు π²/2, అంటే 4.93 వస్తుంది. చేతి అంచనా రూపాన్ని సరిగ్గా పట్టుకుంది, గుణకంలో మాత్రం కొంత తగ్గింది.

రాగికి 300 కెల్విన్ వద్ద ఒక మోల్‌కు C = 4.93 × 8.314 / 272 = 0.15 జౌల్. పాత సిద్ధాంతం చెప్పిన 12.5లో ఇది 1.2 శాతం. జాలకపు 24.5తో పోలిస్తే అందులో అరశాతం పైచిలుకు. 1900 నుంచి కనిపించకుండా పోయిన వాటా ఎక్కడికీ పోలేదు, కొలతలో తెలియనంత చిన్నదిగా అక్కడే ఉంది.

అంత చిన్న వాటాను ప్రయోగంలో ఎలా పట్టుకుంటారు?

గది ఉష్ణోగ్రత వద్ద పట్టుకోవాలని ప్రయత్నించకూడదు, జాలకం దాన్ని మింగేస్తుంది. ద్రవ హీలియం ఉష్ణోగ్రతలకు వెళ్లాలి. చల్లబడేకొద్దీ జాలకపు వాటా T³గా పడిపోతుంది, ఎలక్ట్రాన్లది Tగా నెమ్మదిగా తగ్గుతుంది. ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్లు ముందుకు రావాలి. మొత్తం ఉష్ణధారణను ఇలా రాస్తారు:

```
C = γT + AT³
C/T = γ + AT²
```

రెండో వరుసలోనే ఉపాయం ఉంది. అడ్డంగా T², నిలువుగా C/T గీస్తే సరళరేఖ రావాలి. దాని వాలు A, నిలువు అక్షాన్ని తాకే చోటు γ. ఒకే గ్రాఫు ఎలక్ట్రాన్లనూ జాలకాన్నీ విడదీస్తుంది.

రాగికి కొలిచిన γ 0.695 మిల్లీజౌళ్లు, మోల్‌కు, కెల్విన్ వర్గానికి. జాలకపు A సుమారు 0.048. ఈ విలువల ప్రకారం 2 కెల్విన్ వద్ద C/T 0.887, 4 కెల్విన్ వద్ద 1.463 ఉండాలి. ఇప్పుడు వెనక్కి నడవండి. తేడా 0.576ను T² తేడా 12తో భాగిస్తే 0.048. దానికి నాలుగు రెట్లను 0.887లోంచి తీసేస్తే 0.695. రెండు వాటాలూ సమానమయ్యే చోటు √(γ/A), అంటే 3.8 కెల్విన్. 1 కెల్విన్ వద్ద ఎలక్ట్రాన్ల వాటా జాలకానికి పద్నాలుగు రెట్లు. గది ఉష్ణోగ్రతలో అరశాతంగా ఉన్నది ఇక్కడ రాజ్యమేలుతోంది.

రేఖ వంగితే ఏదో తప్పిందని అర్థం. కుడివైపు, అంటే ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద వంగితే T³ నియమం చెల్లే పరిధి దాటారు. రాగికి ఏడెనిమిది కెల్విన్‌ల పైన దాన్ని నమ్మకూడదు. ఎడమ చివర పైకి తిరిగితే ఇనుము, మాంగనీస్ వంటి అయస్కాంత మలినాలను అనుమానించాలి. అలాంటి చుక్కలను కూడా కలుపుకుని రేఖ గీస్తే γ తప్పుగా వస్తుంది.

లెక్కలో γ ఎంత రావాలి? కొలతతో సరిపోతుందా?

నమూనా ప్రకారం γ = (π²/2)R/T_F. రాగికి 0.50 వస్తుంది. కొలిచినది 0.695, అంటే 1.38 రెట్లు. పదుల రెట్ల తప్పు నుంచి నలభై శాతం లోపు తప్పుకు వచ్చామంటే నాకు అది అపురూపమే. కానీ ఆ మిగిలిన తేడా కొలతలో లోపం కాదు, మనం మొదట్లో పక్కన పెట్టిన విషయాలు తిరిగి లెక్కలోకి వస్తున్నాయి.

అయాన్ల ఆకర్షణ నిజానికి అంతటా ఒకేలా ఉండదు. రాగిలో ఫెర్మి అంచుకు రెండు ఎలక్ట్రాన్ వోల్టుల దిగువనే 3d కక్ష్యల ఎలక్ట్రాన్ల శక్తి పట్టీ మొదలవుతుంది, దాని ప్రభావం అంచుమీదా పడుతుంది. కదిలే ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న అయాన్లను కొద్దిగా తనవైపు లాగుతూ పోతుంది, ఆ లాగుడు దాన్ని బరువెక్కిస్తుంది. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ కూడా తన వంతు మార్పు తెస్తుంది. అన్నిటినీ కలిపి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి మారినట్టుగా చెప్పడం ఆనవాయితీ.

ఈ నిష్పత్తి లోహాన్నిబట్టి మారుతుంది. వెండికి దాదాపు 1, సోడియానికి సుమారు 1.26, లిథియానికి 2కు మించి. వెండిలో తేడా లేదంటే నమూనా పరిపూర్ణమని కాదు, ఎదురెదురు ప్రభావాలు అక్కడ చాలావరకు సరిపోయాయంతే. మరో కొసన CeAl₃ అనే సమ్మేళనం ఉంది. 1975లో దానికి కొలిచిన γ సుమారు 1,600 మిల్లీజౌళ్లు, రాగికి రెండువేల రెట్ల పైన. అక్కడ కూడా తక్కువ ఉష్ణోగ్రతల్లో ఉష్ణధారణ Tకి అనుపాతంగానే ఉంటుంది. అంటే అంచు దగ్గరి పొర అన్న ఆలోచన నిలిచింది, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి మాత్రం నిలవలేదు.

ఉష్ణోగ్రత బాగా పెంచితే ఎలక్ట్రాన్లన్నీ మేలుకుంటాయా?

అంతకు ముందే లోహం కరిగిపోతుంది. రాగి 1,358 కెల్విన్ వద్ద కరుగుతుంది. అక్కడ కూడా T/T_F అరవయ్యో వంతే. కొలిచిన γ ప్రకారం ఎలక్ట్రాన్ల వాటా మోల్‌కు ఒక జౌల్ దాకా పెరుగుతుంది, డ్యూలాంగ్-పెటి విలువలో సుమారు 4 శాతం.

పైపొర ఎలక్ట్రాన్లే వేడిని తీసుకుంటే, లోహాలు వేడిని అంత బాగా ఎలా మోస్తాయి? డ్రూడ్ లెక్క అక్కడ ఎందుకు సరిపోయింది?

ఉష్ణ వాహకత మూడింటిమీద ఆధారపడుతుంది: ఉష్ణధారణ, వేగపు వర్గం, అభిఘాతాల మధ్య కాలం. డ్రూడ్ ఉష్ణధారణను ఎక్కువగా తీసుకున్నాడు, 300 కెల్విన్ వద్ద రాగికి దాదాపు 80 రెట్లు. అదే సమయంలో వాయువు లెక్క ప్రకారం ఎలక్ట్రాన్ వేగాన్ని సెకనుకు 1.2 లక్షల మీటర్లుగా తీసుకున్నాడు. నిజానికి వేడిని మోసే ఎలక్ట్రాన్లు ఫెర్మి అంచు దగ్గరివి, వాటి వేగం 15.7 లక్షలు. వేగపు వర్గంలో తేడా 180 రెట్లు, అదీ తక్కువ వైపు. రెండు భారీ తప్పులు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఉష్ణ వాహకతకూ విద్యుత్ వాహకతకూ ఉన్న నిష్పత్తిలో చివరికి మిగిలిన తేడా 3/2కూ π²/3కూ ఉన్నంతే, అంటే రెండు రెట్ల కన్నా కొంచెం ఎక్కువ.

వాహకత విషయంలో పాత సిద్ధాంతం బాగా పనిచేసినందువల్లే ఉష్ణధారణ చిక్కు అంత వింతగా తోచింది. ఉష్ణధారణలో వేగానికి చోటు లేదు. అక్కడ ఒక తప్పును కప్పిపుచ్చడానికి రెండో తప్పు దొరకలేదు.